తేలేదాకా మెలికే అనుకోవాలి

పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య వయసు కుర్రాడికి ఉన్నట్టుండి ఒకవైపు వృషణంలో గట్టిగా నొప్పి మొదలైతే, వృషణం మెలిక పడిందనే అనుకుని వెంటనే ఆస్పత్రికి బయలుదేరాలి. కాదని డాక్టరు తేల్చాక తిరిగి రావచ్చు. ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఇదొక్కటే. తలనొప్పి వస్తే మామూలుదేలే అని ఒక పూట చూస్తాం, తగ్గకపోతేనే పెద్ద కారణం కోసం వెతుకుతాం. చాలా నొప్పుల విషయంలో ఆ పద్ధతి సరైనదే, ఎందుకంటే ఒక పూట ఆగినందువల్ల పోయేదేమీ ఉండదు. ఈ నొప్పికి మాత్రం ఆ క్రమాన్ని తిరగేయాలి. డాక్టర్లు టార్షన్ అని పిలిచే ఈ మెలిక ఒక పూటలోనే వృషణాన్ని చంపేస్తుంది. అందువల్ల పెద్ద కారణం లేదని ముందు తేల్చుకోవాలి, మామూలు కారణాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

లోపల జరిగేది

వృషణం సంచిలో ఒక కట్టకు వేలాడుతూ ఉంటుంది. వృషణానికి రక్తాన్ని తెచ్చే ధమని, తిరిగి తీసుకుపోయే సిరలు, వీర్యనాళం, నరాలు అన్నీ ఆ కట్టలోనే ఉంటాయి. చాలామందిలో వృషణం వెనక భాగం సంచి గోడకు అతుక్కుని ఉంటుంది కాబట్టి తన చుట్టూ తాను తిరగలేదు. కొందరిలో పుట్టుకతోనే ఆ అతుకు ఉండదు. వృషణాన్ని చుట్టిన పొర కట్ట పైదాకా పాకి ఉండటంతో, గుడి గంటలో నాలుక వేలాడినట్టు వృషణం వదులుగా ఊగుతుంది. ఈ తేడా పైకి కనిపించదు, దానంతటది నొప్పి పెట్టదు. సాధారణంగా రెండు వైపులా ఉంటుంది. యుక్తవయసులో వృషణం తక్కువ కాలంలోనే పెరిగి బరువెక్కుతుంది. దాన్ని పైకి లాగే సన్నని కండరం చలికో, ఆటలోనో, నిద్రలోనో బిగుసుకున్నప్పుడు, వదులుగా ఉన్న వృషణం గిర్రున తిరిగి కట్ట మెలిపడుతుంది. చాలామంది కుర్రాళ్ళు ఈ నొప్పితో అర్ధరాత్రో తెల్లవారుజామునో నిద్రలేవడానికి కారణం ఇదే. దీనికి దెబ్బ తగలాల్సిన పని లేదు, కుర్రాడు ఏ తప్పూ చేసి ఉండక్కర్లేదు.

మెలిక పడగానే రక్తం ఒక్కసారిగా ఆగిపోదు. సిరల గోడలు పల్చన, వాటిలో ఒత్తిడి తక్కువ. అందుకని ముందు అవి మూసుకుపోతాయి. ధమని ఇంకా రక్తాన్ని తోస్తూనే ఉంటుంది. వచ్చిన రక్తానికి బయటికి దారి లేక వృషణం ఉబ్బి గట్టిపడుతుంది. లోపలి ఒత్తిడి పెరిగేకొద్దీ ధమని కూడా మూసుకుపోతుంది. అక్కడి నుంచి కణాలు చనిపోవడం మొదలవుతుంది. మెలిక అర చుట్టే కావచ్చు, రెండు చుట్లు దాటి కూడా ఉండవచ్చు. చుట్లు ఎక్కువైతే గడువు తగ్గుతుంది. మొత్తం మీద చూస్తే, నొప్పి మొదలైన 6 గంటల లోపు మెలిక విప్పితే పది మందిలో తొమ్మిది మందికి పైగా వృషణం దక్కుతుంది. 12 గంటలకు అది దాదాపు సగానికి పడిపోతుంది. 24 గంటలు దాటితే దక్కడం అరుదు. ఈ లెక్క నొప్పి పుట్టిన నిమిషం నుంచి మొదలవుతుంది. ఆస్పత్రి మెట్లెక్కేసరికే అందులో ఎన్ని గంటలు ఖర్చయ్యాయన్నది అసలు ప్రశ్న.

గుర్తుపట్టడం ఎలా

నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగితే కుర్రాడు గడియారం చూసినంత కచ్చితంగా చెప్పగలిగితే అనుమానం బలపడుతుంది. మెలిక నొప్పి నిమిషాల్లో తారస్థాయికి చేరుతుంది, తరచూ వికారమో వాంతో తోడవుతాయి. నొప్పి ఉన్న వృషణం రెండోదానికంటే పైకి లాక్కుపోయి, అడ్డంగా తిరిగి, ముట్టుకోనివ్వనంత గట్టిగా ఉండవచ్చు. డాక్టరు తొడ లోపలి వైపు మెల్లగా గీసినప్పుడు మామూలుగా ఆ వైపు వృషణం చటుక్కున పైకి లేస్తుంది. మెలిక పడితే ఆ కదలిక సాధారణంగా ఉండదు. 2013లో ప్రచురితమైన ఒక పద్ధతి ఈ గుర్తులకు మార్కులు వేస్తుంది. వాపుకు 2, గట్టిదనానికి 2, వికారం లేదా వాంతికి 1, పైకి లాక్కుపోవడానికి 1, ఆ కదలిక లేకపోవడానికి 1. మొత్తం 7కి 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆపరేషన్ వైపు నడవాలి. ఈ మార్కులు డాక్టరు చేతికి ఉపకరణం. ఇంట్లో లెక్కవేసుకుని తక్కువ వచ్చాయి కదా అని ఆగిపోవడానికి పనికిరావు.

ఇదే చోట నొప్పి పుట్టించే వేరే కారణాలు ఉన్నమాట నిజమే. వృషణం మీద ఉండే చిన్న తునక మెలిపడితే కూడా నొప్పి వస్తుంది. అది ఎక్కువగా ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లల్లో కనిపిస్తుంది, దానికి చాలాసార్లు విశ్రాంతి, నొప్పి మాత్రలు చాలు. ఇన్ఫెక్షన్ అయితే నొప్పి ఒకటి రెండు రోజుల్లో మెల్లగా పెరుగుతుంది, జ్వరం, మూత్రంలో మంట తోడు రావచ్చు. గవదబిళ్ళలు వచ్చిన కొద్ది రోజులకు వృషణం వాచడం కూడా ఉంది. గజ్జలో హెర్నియా ఇరుక్కుపోయినా అక్కడే నొప్పి పుడుతుంది, దానికీ తక్షణ వైద్యం అవసరం. పుస్తకంలో ఈ తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి, మంచం మీద మెలికలు తిరుగుతున్న కుర్రాడిలో అంత స్పష్టంగా ఉండవు. మెలిక నొప్పి మెల్లగా మొదలైన సందర్భాలున్నాయి, కొద్దిపాటి జ్వరంతో వచ్చినవీ ఉన్నాయి. అందుకే ఏ ఒక్క గుర్తు లేకపోయినంత మాత్రాన మెలిక కాదని ఇంట్లోవాళ్ళు తీర్పు చెప్పకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది కడుపునొప్పి. గర్భంలో వృషణం పొట్టలోనే ఏర్పడి కిందికి దిగుతుంది, దాని నరాల మూలాలు పైనే ఉంటాయి. అందువల్ల మెలిక పడినప్పుడు పొత్తికడుపులో, గజ్జలో మాత్రమే నొప్పి తెలియవచ్చు. దానికి సిగ్గు తోడైతే కుర్రాడు కడుపునొప్పి అనే చెబుతాడు. విన్నవాళ్ళు గ్యాస్ అనో, అపెండిక్స్ అనో, కిడ్నీలో రాయి అనో అనుకుంటారు. కుర్రాడు పొత్తికడుపు పట్టుకుని వాంతి చేసుకుంటుంటే తల్లిదండ్రులు అడగాల్సిన మాట సూటిగా ఉండాలి: "కింద వృషణంలో కూడా నొప్పి ఉందా? ఒకవైపేనా?" డాక్టరు కూడా అలాంటి కుర్రాడి లోదుస్తులు తీసి చూడకుండా కడుపునొప్పి అని రాసి పంపితే ఆ పరీక్ష సగమే అయినట్టు. చూడకపోతే చూడమని మీరే అడగండి.

ఒకే రాత్రి, రెండు దారులు

గంటలు ఎక్కడ పోతాయో తెలియడానికి ఒక ఊహా సందర్భాన్ని తీసుకుందాం. నగర శివార్లలోని రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదువుతున్న కుర్రాడు రాత్రి 2 గంటలకు ఎడమ వృషణంలో నొప్పితో లేచాడు. వాంతి అయింది. పక్క మంచం కుర్రాడికి కడుపునొప్పి అని చెప్పాడు. ఉదయం 6:30కి వార్డెన్‌కూ అదే మాట చెప్పాడు. గ్యాస్ మాత్ర ఇచ్చి సిక్ రూంలో పడుకోబెట్టారు. 9 గంటలకు దగ్గర్లోని ఆర్‌ఎంపీ వచ్చి నొప్పి ఇంజెక్షన్ వేశాడు. 11 గంటలకు నొప్పి కాస్త నెమ్మదించింది, అందరూ స్థిమితపడ్డారు. సాయంత్రం సొంతూరి నుంచి తండ్రి వచ్చాకే కుర్రాడు అసలు విషయం చెప్పాడు. అక్కడి నుంచి క్లినిక్‌కు, క్లినిక్ నుంచి స్కాన్ సెంటర్‌కు, అక్కడి నుంచి ఆపరేషన్ చేసే ఆస్పత్రికి వెళ్ళేసరికి రాత్రి 9 అయింది. నొప్పి మొదలై 19 గంటలు. సర్జన్ సంచి తెరిచేసరికి వృషణం నల్లబడి ఉంది. విప్పి, వెచ్చని గుడ్డలో ఉంచి చూసినా రంగు తిరగలేదు. తీసేయక తప్పలేదు. ఈ కథలో దుర్మార్గులెవరూ లేరు, ప్రతి ఒక్కరూ కడుపునొప్పికి చేయాల్సిందే చేశారు. నొప్పి పదకొండింటికి తగ్గడం కోలుకుంటున్న సూచన కాదు. ఇంజెక్షన్ మూసిపెట్టి ఉండవచ్చు, లేదా వృషణం చచ్చిపోయేకొద్దీ అందులో నొప్పి చెప్పే నరాలు కూడా మూగబోయి ఉండవచ్చు.

అదే కుర్రాడు 2:20కి వార్డెన్‌ను లేపి "ఎడమ వృషణంలో నొప్పి, ఇందాకే మొదలైంది, వాంతి కూడా అయింది" అని చెప్పాడనుకుందాం. వార్డెన్ ముందు సర్జన్, మత్తు డాక్టరు రాత్రి అందుబాటులో ఉన్న ఆస్పత్రి ఏదో ఫోన్‌లో కనుక్కుని, 2:40కి బండి ఎక్కించాడు. దారిలో తండ్రికి ఫోన్ చేశాడు. 18 ఏళ్ళు నిండని కుర్రాడి ఆపరేషన్‌కు ఆస్పత్రివాళ్ళు తల్లిదండ్రుల అంగీకారం అడుగుతారు కాబట్టి డాక్టరుతో మాట్లాడటానికి తండ్రి సిద్ధంగా ఉన్నాడు. 3:15కి క్యాజువాల్టీలో చూస్తే వాపు ఇంకా పెద్దగా లేదు, దానికి మార్కులు రాలేదు. వృషణం గట్టిగా ఉంది, పైకి లాక్కుపోయింది, తొడ మీద గీస్తే కదలిక లేదు, వాంతి అయింది. మొత్తం 5. స్కాన్ కోసం తెల్లవారేదాకా ఆగలేదు. 4:40కల్లా మెలిక విప్పారు. నొప్పి మొదలై 2 గంటల 40 నిమిషాలు. సర్జన్ చేసిన పని రెండు దారుల్లోనూ ఒకటే. తేడా అంతా మొదటి అరగంటలో కుర్రాడు పలికిన ఒక వాక్యంలో ఉంది.

ఎదురయ్యే అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం సహేతుకమైనదే. వృషణాల నొప్పితో వచ్చేవాళ్ళలో చాలామందికి మెలిక ఉండదు కదా, ప్రతిసారీ అర్ధరాత్రి పరుగెత్తాలా? ఇక్కడ ఎంతమందికి ఉంటుందన్న లెక్క ఒక్కటే చాలదు, పొరపాటు పడితే ఏం పోతుందో కూడా చూడాలి. మెలిక లేని కుర్రాణ్ణి ఆస్పత్రికి తీసుకెళితే ఒక రాత్రి నిద్ర, కొంత డబ్బు పోతాయి. మెలిక ఉన్న కుర్రాణ్ణి ఇంట్లో ఉంచితే వృషణం పోతుంది. మొదటి నష్టం రేపటికి పూడుతుంది, రెండోది ఎన్నటికీ పూడదు. పైగా యుక్తవయసే ఈ మెలికకు ఎక్కువగా గురయ్యే వయసు. కాబట్టి మధ్యవయసు మనిషికి వర్తించే ధీమాను పదిహేనేళ్ళ కుర్రాడికి వర్తింపజేయలేం.

రెండోది, స్కాన్ తీయించుకుంటే తేలిపోతుంది కదా అన్నది. రక్తప్రసారాన్ని చూపే డాప్లర్ స్కాన్ మంచి పరీక్షే. గుర్తులు అటూ ఇటూ కాకుండా ఉన్నప్పుడు చాలా ఉపయోగపడుతుంది. అయితే దానికి రెండు హద్దులున్నాయి. మెలిక సగమే పడినప్పుడు గానీ, అప్పటికి తాత్కాలికంగా విప్పుకున్నప్పుడు గానీ స్కాన్‌లో రక్తం ప్రవహిస్తున్నట్టే కనిపించవచ్చు. రెండోది కాలం. అర్ధరాత్రి స్కాన్ తీసేవాళ్ళు చాలాచోట్ల దొరకరు, ఉదయం స్కాన్ సెంటర్ తెరిచేదాకా కూర్చుంటే గడువు అక్కడే ముగుస్తుంది. గుర్తులు బలంగా ఉంటే స్కాన్ లేకుండానే తెరిచి చూడటం వైద్యంలో అంగీకృతమైన పద్ధతి. అందువల్ల ముందు వెళ్ళాల్సింది స్కాన్ సెంటర్‌కు కాదు, ఆపరేషన్ చేయగల ఆస్పత్రికి. స్కాన్ కావాలో వద్దో అక్కడి డాక్టరు నిర్ణయిస్తారు.

మరి తెరిచి చూశాక మెలిక లేదని తేలితే అనవసరంగా కోసినట్టే కదా? ఏ ఆపరేషన్ అయినా మత్తు, ఇన్ఫెక్షన్, రక్తస్రావం అనే ముప్పులు ఉండనే ఉంటాయి, వాటిని దాచకూడదు. కానీ ఇది సంచి మీద చిన్న కోతతో అయిపోయే ఆపరేషన్, పొట్ట తెరిచే పని కాదు. తెరిచి మెలిక లేదని చూసిన సర్జన్ తప్పు చేసినట్టు కాదు. ఆ కుర్రాడి విషయంలో అనుమానాన్ని కచ్చితంగా తీర్చే మార్గం అదొక్కటే అయినప్పుడు, ఆ కోత రోగనిర్ధారణలో భాగమే.

మన ఇళ్ళలో ఎక్కువగా వినిపించేది నాలుగో మాట: వేడి చేసిందేమో, మజ్జిగ తాగి పడుకుంటే తగ్గుతుంది. లేదా, క్రికెట్ బంతి తగిలింది కాబట్టి నొప్పి సహజమే. ఎండాకాలపు నీరసానికి మజ్జిగ మంచిదే కావచ్చు, మెలిపడిన కట్టను అది విప్పలేదు. పైగా ఆపరేషన్ పడవచ్చు కాబట్టి డాక్టరు చూసేదాకా ఏమీ తినకుండా, తాగకుండా ఉండటమే మేలు. ఇప్పటికే తిని ఉంటే అదొక కారణంగా ఆగిపోకండి, ఎప్పుడు తిన్నాడో మత్తు డాక్టరుకు చెబితే సరిపోతుంది. ఇక బంతి దెబ్బ విషయానికొస్తే, మామూలు దెబ్బ నొప్పి కాసేపట్లో సద్దుమణగాలి. గంట దాటినా అలాగే ఉన్నా, తగ్గి మళ్ళీ మొదలైనా చూపించాలి. దెబ్బ తగిలినప్పుడు మెలిక పడటం కూడా ఉంది, దెబ్బకే వృషణం చిట్లడం కూడా ఉంది.

నొప్పి దానంతటది పూర్తిగా పోయిందే, ఇంకెందుకు అంటారా? మెలిక పడి, విప్పుకుని, మళ్ళీ పడే కుర్రాళ్ళున్నారు. నెలల తరబడి అప్పుడప్పుడూ వచ్చి నిమిషాల్లో పోయే ఒకవైపు నొప్పి అలాంటి హెచ్చరిక కావచ్చు. అలా పోయిన నొప్పిని కూడా అదే రోజు సర్జన్‌కు చూపించాలి. ముందుగానే కుట్లు వేసి ఈ ప్రమాదాన్ని తప్పించడానికి దొరికే ఏకైక అవకాశం అది. దీనికి మరో కొస ఆరు గంటలు దాటిపోయాయి కాబట్టి ఇక వెళ్ళి లాభం లేదన్న నిరాశ. అదీ పొరపాటే. మెలిక తక్కువ చుట్లదైతే 12 గంటల తర్వాత కూడా, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా కూడా వృషణం దక్కిన సందర్భాలున్నాయి. ఆరు గంటలన్నది తొందరపెట్టే గుర్తు, తలుపు మూసే గడియ కాదు.

ఒకటి పోతే ఏమైంది, రెండోది ఉంది కదా అన్నది చివరి మాట. ఇందులో ఊరట కలిగించే నిజం ఉంది. ఒక్క వృషణం ఆరోగ్యంగా ఉంటే మగతనానికి కావలసిన హార్మోన్‌కు గానీ, పిల్లలు పుట్టడానికి గానీ సాధారణంగా అది చాలు. వృషణం పోయిన కుర్రాడికి ఈ మాట తప్పకుండా చెప్పాలి. కానీ వదులుగా వేలాడే లోపం రెండు వైపులా ఉంటుందని ముందే చూశాం. ఈరోజు ఒకవైపు మెలిపడిన కుర్రాడికి రేపు రెండోవైపు మెలిపడవచ్చు. అందుకే సర్జన్ మెలిక విప్పాక దక్కిన వృషణాన్ని సంచి లోపలి గోడకు కుట్లతో కదలకుండా బిగించి, అదే ఆపరేషన్‌లో రెండో వైపును కూడా బిగిస్తారు. ఒకటి తీసేయాల్సి వచ్చినా రెండోదాన్ని బిగించడం మానరు. కొన్నిసార్లు క్యాజువాల్టీలోనే డాక్టరు చేత్తో మెలిక విప్పుతారు. చాలా మెలికలు లోపలి వైపు తిరుగుతాయి కాబట్టి బయటి వైపు తిప్పుతారు. కొన్ని అందుకు విరుద్ధంగా ఉంటాయి, వాటిని అలా తిప్పితే ఇంకా బిగుస్తాయి. అందుకని ఇంట్లో ఎవరూ ఆ ప్రయత్నం చేయకూడదు. చేత్తో విప్పి నొప్పి పోయినా, బిగించే ఆపరేషన్ మాత్రం చేయించుకోవాల్సిందే.

ముందే చెప్పి ఉంచాల్సింది

గడువులో ఎక్కువ భాగం ఆస్పత్రి బయటే పోతుందంటే, దాన్ని కాపాడుకోవడం కూడా ఇంట్లో, హాస్టల్లోనే జరగాలి. నొప్పి వచ్చిన రాత్రి సిగ్గు పోగొట్టడం సాధ్యం కాదు. పన్నెండేళ్ళు వచ్చేసరికే కొడుకుతో తండ్రి గానీ తల్లి గానీ ఒకసారి మామూలు గొంతుతో చెప్పి ఉంచాలి: "వృషణంలో ఉన్నట్టుండి నొప్పి వస్తే అర్ధరాత్రయినా మమ్మల్ని లేపు. హాస్టల్లో ఉంటే వార్డెన్‌ను లేపు. కడుపునొప్పి అని చెప్పకు." వార్డెన్‌లు, వ్యాయామ ఉపాధ్యాయులు తమ దగ్గర్లో రాత్రిపూట సర్జన్, మత్తు డాక్టరు ఇద్దరూ ఉండే ఆస్పత్రి ఏదో ముందే తెలుసుకుని ఫోన్ నంబరు రాసి పెట్టుకోవాలి. ఈ ఆపరేషన్‌కు యూరాలజిస్టే కావాలని లేదు, అనుభవమున్న జనరల్ సర్జన్ చేయగలరు. కాబట్టి స్పెషలిస్టు కోసం దగ్గరి జిల్లా ఆస్పత్రిని దాటి మహానగరానికి మూడు గంటలు ప్రయాణం చేయడం తెలివైన పని కాదు. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. క్యాజువాల్టీలో లైనులో కూర్చోకుండా, నొప్పి మొదలైన సమయం చెప్పి, "ఒకవైపు వృషణంలో హఠాత్తుగా నొప్పి, టార్షన్ అని అనుమానం, సర్జన్ చూడాలి" అని మొదటి మాటగా చెప్పండి. మీ అబ్బాయికి ఈ సంగతి ఇంకా చెప్పకపోతే, ఈ పేజీ మూసే ముందు పిలిచి చెప్పండి.